షరతు ముందు, పని తర్వాత

తుపాను జాగ్రత్తల పుస్తకాన్ని వీడియోగా మార్చమంటే చాలా చోట్ల జరిగేది ఒకటే. ఉన్న వాక్యాలను గంభీరమైన గొంతుతో చదివించి, వెనక హోరుగాలి దృశ్యాలు అతికిస్తారు. పుస్తకం కరెంటుకో పేజీ, మందులకో పేజీ అంటూ అంశాలవారీగా సాగుతుంది. చూసేవారికి కావలసింది ఇప్పుడేం చేయాలి, ఆ తర్వాతేం చేయాలి అన్నదే.

ఇలాంటి పుస్తకాల్లో తరచూ కనిపించే తరహా వాక్యం తీసుకుందాం: ‘నీరు చేరే అవకాశమున్నచో విద్యుత్ సరఫరాను నిలిపివేయవలెను, తడి ప్రదేశములలో స్విచ్‌లను తాకరాదు.’ కాగితం మీద తప్పేమీ లేదు. కానీ వినేవారు ‘నిలిపివేయవలెను’ దగ్గరే లేచి నడుస్తారు. ‘తాకరాదు’ అనేది చెవిన పడేసరికి కాళ్లు నీళ్లలో ఉండవచ్చు. పైగా తెలుగులో ‘వద్దు’ వాక్యం చివర్న వస్తుంది. గాలి హోరులో ఎగిరిపోయేదీ ఆ చివరి మాటే. మేమైతే ఇలా రాస్తాం:

‘మెయిన్ ఉన్న చోట నేల చూడండి. తడిగా ఉందా? దూరంగా ఉండండి. విద్యుత్ శాఖకు ఫోన్ చేయండి. పొడిగా ఉందా? చేతులు తుడుచుకుని మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. తర్వాత గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి.’

ఇన్వర్టర్ మాట చాలామంది మరిచిపోతారు. మెయిన్ ఆపగానే, కరెంటు పోయిందనుకుని అది అందుకుంటుంది. దాని లైన్లో ఉన్న సాకెట్లలో కరెంటు అలాగే ఉంటుంది. మెయిన్ ఆపితే చాలు, ప్రమాదం తప్పినట్టే అనుకునేవారికి, ఇన్వర్టర్ మీద ఇంకా వెలుగుతున్న ఒక్క బల్బును దగ్గరగా చూపించాలి.

ఒక్కో పనికి ఒక్కో దృశ్యం, దాని తర్వాత రెండు మూడు క్షణాల మౌనం. చేయకూడని పనిని చూపించి ఎర్ర గుర్తు కొట్టడం మానాలి. శబ్దం లేకుండా చూసేవారికి మిగిలేది ఆ బొమ్మే. ‘భీకర’, ‘ప్రళయ’ లాంటి మాటలు తీసేస్తే గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది, సంగీతంతో పనిలేదు.

వరస తప్పితే ప్రాణాల మీదికి తెచ్చే చోటు ఇంకొకటుంది. తుపాను నడిమధ్య భాగమైన ‘కన్ను’ మన ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం తేటపడవచ్చు కూడా. కాసేపటికే అంతే ఉద్ధృతంగా, ఎదురు దిక్కు నుంచి మళ్లీ వీస్తుంది. పుస్తకాల్లో ఈ సంగతి వివరణల్లో ఎక్కడో ఉంటుంది. వీడియోలో ‘తుపాను వెళ్లాక’ అనే భాగానికి ముందే రావాలి: ‘గాలి ఆగింది. లోపలే ఉండండి. తుపాను దాటిందని అధికారులు చెప్పాకే తలుపు తీయండి.’

చివరి దృశ్యం మళ్లీ మెయిన్ దగ్గరే. నీళ్లు తీసినా గోడలోని సాకెట్లలో తేమ, బురద మిగిలే ఉంటాయి. అందుకే చేయి స్విచ్ మీద కాదు, ఫోన్ మీద కనిపించాలి: ‘ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆయన చూశాకే మెయిన్ వేయండి.’