‘నోటెడ్’ గారికి ఒక టిక్కు

భాషలో అవును, కాదు అని రెండే జవాబులున్నాయని అమాయకంగా నమ్మే రోజుల్లో నన్ను మా ఆఫీసు కొనుగోలు కమిటీలో వేశారు. మూడో జవాబు అక్కడే నేర్చుకున్నాను. దాని పేరు ‘నోటెడ్’.

యూపీఎస్ కొనాలి. పూర్తి లోడు మీద 30 నిమిషాల బ్యాకప్ ఇవ్వాలని స్పెసిఫికేషన్‌లో రాశాం. దాని ఎదురుగా ఉన్న గడిలో ఒక అమ్మకందారు ఇస్తానని చెప్పే ‘కంప్లైడ్’ అనలేదు, ఇవ్వలేనని చెప్పే ‘డీవియేషన్’ అనీ అనలేదు. ‘నోటెడ్’ అన్నాడు. అంటే చదివాడన్నమాట. చదువు వచ్చినందుకు, కొటేషన్లను పోల్చే మా పట్టిక తయారుచేసినాయన ఆయనకు పచ్చ రంగు టిక్కు బహూకరించారు.

“ఒప్పుకున్నట్టేనా అండీ?” అని అడిగాను.

“ఒప్పుకోలేదని ఎక్కడా రాయలేదు కదండీ.”

“ఒప్పుకున్నానని కూడా రాయలేదు.”

“నోట్ చేసుకున్నారు. ఇంకేం కావాలి?”

అకౌంట్స్ ఆయన కళ్లజోడు తీసి, అభ్యంతరం చెప్పకపోతే అంగీకారమే అని తీర్పిచ్చారు. అధ్యక్షులవారు సమయం చూసుకున్నారు. వారం రోజుల సెలవు కావాలని అధ్యక్షులవారికే అర్జీ పెట్టి, ఆయన ‘నోటెడ్’ అని రాయగానే ఊరెళ్లిపోతే ఏమవుతుందో అడుగుదామనుకున్నాను. అడగలేదు. అదీ నోట్ చేసుకుంటారని భయం. కొటేషన్‌కు జతచేసిన కేటలాగ్ తెరిచి చూపించాను. 30 నిమిషాల పక్కన నక్షత్రం గుర్తు, పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘సగం లోడు మీద’. పూర్తి లోడు పెడితే అందులో సగం, 15 నిమిషాలు కూడా రావు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత గట్టిగా పిండితే మొత్తం మీద అంత తక్కువ ఇస్తుంది. “కేటలాగ్ వేరు, కొటేషన్ వేరు” అన్నారు పట్టికాయన. టిక్కు చెక్కుచెదరలేదు.

ఇక ధరల సంగతి. అన్నిటికన్నా చిన్న ధరను 100 అనుకోండి. అది నోటెడ్ గారిదే అని వేరే చెప్పక్కర్లేదు. రెండో ఆయన 112, మూడో ఆయన 119. ఎక్సెల్‌లో `="ఎల్-"&RANK(B4,B$4:B$6,1)` అని కొట్టి కిందికి లాగితే, చిన్న ధర నుంచి వరసగా ఎల్-1, ఎల్-2, ఎల్-3 వచ్చేశాయి. అయితే నోటెడ్ గారి వరుసలో బ్యాటరీల గడి ఖాళీ, రవాణా, బిగింపు గడి ఖాళీ. `SUM`కు ఖాళీ గడి అంటే సున్నా. ఆయన ధర చెప్పని బ్యాటరీలు మా పట్టికలో ఉచితంగా వచ్చేశాయి! వారంటీ మేం 3 ఏళ్లు అడిగితే ఆయన ఇచ్చింది ఒకటే. దానికీ విలువ కట్టలేదు.

ఖాళీ గడి కనబడితే ముందు లిఖితపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే, ఆ వస్తువుకు మిగతావాళ్లు వేసిన ధరల్లో పెద్దదాన్ని కలిపి పోల్చడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. లోడింగ్ అంటారు. ఆ లెక్కన బ్యాటరీలకు 24, రవాణా, బిగింపులకు 6, రెండేళ్ల వారంటీకి 8 కలిపితే నోటెడ్ గారు 138. రెండో ఆయన రవాణా వేయలేదు, వారంటీ ఒక ఏడాది తగ్గించాడు. అవి కలిపితే 122. అన్నీ వేసి, అన్నిటికీ ‘కంప్లైడ్’ అని సంతకం పెట్టిన మూడో ఆయన 119 దగ్గరే ఉన్నాడు. అంటే పట్టికలో ఆఖరివాడే అసలు మొదటివాడు. నిజానికి నోటెడ్ గారికి 138 కూడా దండగ. బ్యాకప్ లాంటి ముఖ్యమైన షరతులో తప్పినవాడికి లోడింగ్ ఉండదు, ర్యాంకే ఉండదు. ముందు పాసా ఫెయిలా తేల్చాలి, ఆ తర్వాతే పాసైనవాళ్ల ధర చూడాలి. మా పట్టికలో ధర రెండో కాలమ్‌లోనే ఉంది. నిబంధనలు ఎక్కడో కుడి చివర, ప్రింట్ తీస్తే తెగిపోయే చోట.

బడ్జెట్ పద్దు 105కు ఖాయం చేశారు. 100కు తోడు ఓ 5 జాగ్రత్త కోసమట. ఆర్డరు వెళ్లాక బ్యాటరీలు ‘అదనం’ అయ్యాయి. అప్పటికి పోటీ లేదు, అమ్మేది ఒక్కడే, అడిగిందే ధర. పద్దు సవరించడానికి మళ్లీ ఇదే కమిటీ కూర్చుంది.

దీనికి నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఆ మూడో ఆయన స్పెసిఫికేషన్ వరసగా చదివాడు, అడిగినవన్నీ లెక్కేశాడు, ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. అందుకే ఓడిపోయాడు. ‘మీ ధర ఎక్కువ’ అని ఆయనకు ఉత్తరం రాశాం. అబద్ధం. సిగ్గులేని అబద్ధం. దాని కింద నా సంతకం కూడా ఉంది.

మొన్న మళ్లీ కొటేషన్లు పిలిచాం. ఆయనా పంపాడు. ఈసారి ధర అందరికన్నా తక్కువ. బ్యాటరీల గడి ఖాళీ. బ్యాకప్‌కు ఎదురుగా ఒకటే మాట: నోటెడ్.