పాప తాగి వదిలేసిన సీసా పాలు: ఆ ఫార్వర్డ్‌లో తప్పెక్కడుంది?

“పాప తాగి వదిలేసిన పాలు పారబోయొద్దమ్మా. పాలడబ్బా ఎంత రేటుందో చూస్తున్నాం కదా. సీసాకి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే సాయంత్రం దాకా ఏం కాదు, మళ్ళీ వేడి చేస్తే క్రిములన్నీ చస్తాయి. అయినా తన ఎంగిలి తనకేం చేస్తుంది? విరక్కుండా, వాసన రాకుండా ఉంటే నిక్షేపంగా పట్టొచ్చు. ఉగ్గైనా అంతే. మా పిల్లలందరూ ఇట్టానే పెరిగారు.”

నెల్లూరు, ఒంగోలు వైపు చుట్టాల గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న మెసేజ్ ఇది. రాసినవాళ్ళ మనసు చెడ్డదేం కాదు. డబ్బా రేటు గురించి వాళ్ళ బాధ కూడా నిజమే, దాని లెక్క కింద చూద్దాం. మిగతా మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుందాం.

ముందు ఎంగిలి సంగతి. బిడ్డ నోట్లోని బాక్టీరియా బిడ్డ నోట్లో ఉన్నంతసేపు పెద్దగా ఏమీ చెయ్యదన్నది నిజమే. లాలాజలం కడుగుతూ ఉంటుంది, మింగినది కడుపులోని ఆమ్లంలో పడుతుంది. అదే బాక్టీరియా సీసాలోకి వెళ్ళిందంటే కథ మారిపోతుంది. పాప తాగుతున్నప్పుడు సీసా వైపు ఒకసారి గమనించండి. పెదాలు కాస్త వదులు చేసినప్పుడల్లా పాలలోకి బుడగలు లేస్తాయి. బయటికి వచ్చిన పాల జాగాలోకి గాలి వెళ్తోందన్నమాట. ఆ గాలితోపాటు పీక కొసన ఉన్న లాలాజలం కలిసిన పాలు కూడా కొంచెం వెనక్కి పోతాయి. లోపల దానికి దొరికేవి గోరువెచ్చని పాలు, పాలలోని చక్కెర, మాంసకృత్తులు. కడిగే లాలాజలం లేదు, చంపే ఆమ్లం లేదు. అనువైన వేడిలో కొన్ని బాక్టీరియా అరగంటకోసారి రెట్టింపు అవుతాయి. అంటే వెయ్యి ఉన్నవి మూడు గంటలు తిరిగేసరికి అరవై వేలు దాటతాయి. కాబట్టి ఎంగిలి ఎవరిదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అది ఎంతసేపు, ఎంత వేడిలో, దేంట్లో ఉందన్నదే చూడాలి.

అందుకే డాక్టర్లు పొడిపాలకు రెండు గడువులు చెప్తారు. కలిపిన పాలు బయట ఉంటే రెండు గంటల్లోపు వాడెయ్యాలి. బిడ్డ నోరు పెట్టిందంటే ఆ నిమిషం నుంచి ఒక గంటే. ఆ తర్వాత ఎంత మిగిలినా పారబొయ్యాల్సిందే. ఈ గంట కూడా మామూలు గది వేడిని దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. మే నెలలో నెల్లూరులో మధ్యాహ్నం పూట వంటింట్లో స్టవ్ పక్కన ఉన్న సీసాకి ఆ గంట మొత్తం వాడుకోకపోవడమే మేలు.

ఫ్రిజ్ గురించి చెప్పిన మాటలో సగం నిజముంది, ఆ సగమే జనాన్ని తికమక పెడుతోంది. పాలు కలిపిన వెంటనే, పాప నోరు పెట్టకముందే ఫ్రిజ్‌లో పెడితే 24 గంటల్లోపు పట్టొచ్చు. నోరు పెట్టిన సీసాకి ఈ లెక్క వర్తించదు. చలికి బాక్టీరియా పెరుగుదల నెమ్మదిస్తుంది గానీ అది చావదు. పైగా గోరువెచ్చని సీసా లోపల పెట్టగానే చల్లబడదు, అందుకు చాలాసేపు పడుతుంది. మధ్యలో కరెంటు పోయి, ఫ్రిజ్ తలుపు పదిసార్లు తెరిచే ఇంట్లో ఇంకాసేపు పడుతుంది.

తల్లి పిండి పెట్టిన పాల విషయంలో కాస్త సడలింపు ఉంది. తల్లిపాలలో బాక్టీరియాని అడ్డుకునే కణాలు, ప్రొటీన్లు సజీవంగా ఉంటాయి కాబట్టి, పాప తాగి వదిలేసిన పాలని తాగడం ముగిసిన రెండు గంటల్లోపు మళ్ళీ పట్టొచ్చు. మెసేజ్ రాసినావిడ ఇంట్లో ఎప్పుడో తల్లిపాలతో ఇది జరిగి ఉంటే, ఏమీ కాకపోవడంలో వింత లేదు. కానీ దాన్ని పొడిపాలకీ, సాయంత్రం దాకా అనే గడువుకీ సాగదీయడం తప్పు.

ఇక వేడి చేస్తే క్రిములు చస్తాయన్న మాట. నిజంగా ఇళ్ళల్లో ఏం చేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసి, వెచ్చగా ఉంటే పడతారు. అది మరిగించడం కాదు. పాలు 37 డిగ్రీల దగ్గరికి వచ్చాయంటే మనం బాక్టీరియాకి ఎంతో ఇష్టమైన వేడి అందించినట్టే. పోనీ గిన్నెలో పోసి నిజంగానే మరిగించారనుకుందాం. బాక్టీరియా చాలావరకు చస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కొన్ని రకాలు అప్పటికే పాలలోకి విషాన్ని వదిలి ఉంటాయి. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ అలాంటిదే. అది చచ్చినా అది వదిలిన విషం మరుగుకి చావదు. తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఇంకో నష్టం, పొడిపాలని మళ్ళీ మరిగిస్తే కొన్ని విటమిన్లు పోతాయి. తల్లిపాలని మరిగిస్తే అందులోని రక్షణ కణాలే పోతాయి.

విరగలేదు, వాసన లేదు అన్నది అన్నిటికన్నా ప్రమాదమైన కొలమానం. పాలని విరగ్గొట్టేవి, పులిసేలా చేసేవి ఒక రకం బాక్టీరియా. వాంతులు, విరేచనాలు తెప్పించేవి చాలాసార్లు వేరే రకం. ఆ రెండోవి పాల రంగు, రుచి, వాసన ఏమాత్రం మార్చకుండానే చాలినంత పెరగగలవు. విరిగిన పాలు చెడ్డవన్నది ఖాయం. విరగని పాలు మంచివన్నది మాత్రం ఖాయం కాదు.

ఉగ్గు దగ్గరికి వద్దాం. మొలగొలుకుల బియ్యం వేయించి, పెసరపప్పు కలిపి పట్టించిన ఉగ్గైనా, రాగి జావైనా, మెదిపిన అరటిపండైనా, పాప ఎంగిలి తగిలాక దాచకూడదు. ఇక్కడ ఎంగిలి కలిసిందో లేదో కంటికే కనిపిస్తుంది. చిక్కగా కాచిన జావని రెండు గిన్నెల్లో తీసుకోండి. ఒకదాంట్లో పాప నోట్లో పెట్టిన చెంచానే మళ్ళీ మళ్ళీ ముంచండి, రెండోదాన్ని ముట్టుకోకండి. కాసేపటికి మొదటి గిన్నెలో జావ పలచబడి, పైన నీరు తేలుతుంది. లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది, దాని పని అది. పలచబడినంత మాత్రాన జావ విషమైపోదు. కానీ చెంచాతో ఎంగిలి ఎంత చేరిందో, దాంతోపాటు బాక్టీరియా ఎంత చేరి ఉంటుందో అది చెప్తుంది. బియ్యంతో వండినవాటికి ఇంకో చిక్కు ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వండింది బయట చల్లారుతూ ఉంటే మొలకెత్తి పెరుగుతాయి. అది తయారుచేసే వాంతుల విషం కూడా వేడికి లొంగదు.

కొందరు జావని సీసాలోనే పోసి, పీక కన్నాన్ని కాల్చిన సూదితో పెద్దది చేసి పడుతుంటారు. ఇది అసలే వద్దు. ధార ఎక్కువై పాపకి పొలమారుతుంది, పీక గాడుల్లో అంటుకున్న పిండి కడిగినా పోదు. నమ్మకం లేకపోతే పీకని రింగు నుంచి ఊడదీసి, లోపలి అంచు వేలితో రుద్ది చూడండి, జిగురు చేతికి తగుల్తుంది. ఉగ్గుకి ఉగ్గుగిన్నె, చెంచా చాలు. పెద్ద గిన్నెలోంచి రెండు చెంచాలు చిన్న గిన్నెలోకి తీసి పెడితే పెద్ద గిన్నెలోది ఎంగిలి కాదు. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే అది తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఒంగోలులో పొద్దున 11 గంటలకి నెల్లూరు బస్సెక్కిన తల్లిని అనుకోండి. ఎక్కగానే 120 మిల్లీలీటర్లు కలిపి పట్టింది, పాప 70 తాగి నిద్రపోయింది. కావలి దాటాక, పన్నెండున్నరకి లేచి ఏడ్చింది. మిగిలిన 50 మిల్లీలీటర్లు చేతిలోనే ఉన్నాయి, గంటన్నర అయింది, బస్సులో ఉక్కపోత. అవి పారబొయ్యాలి. సాధారణంగా 30 మిల్లీలీటర్ల నీటికి ఒక స్కూపు. 400 గ్రాముల డబ్బాకి సుమారు 90 స్కూపులు వస్తాయి. డబ్బా 450 రూపాయలనుకుంటే స్కూపు ఐదు రూపాయలు. పారబోసింది రెండు స్కూపుల లోపే, అంటే ఎనిమిది రూపాయలు.

ఆ ఎనిమిది కూడా చాలావరకు మిగుల్చుకోవచ్చు. ముందు 60 కలపాలి, అంటే రెండు స్కూపులు. అవి అయిపోయాక పాప ఇంకా నోరు తెరుస్తుంటే ఇంకో 30. అప్పుడు అదే పాప 70 తాగితే మిగిలేది 20 మాత్రమే. ప్రయాణంలో మరిగించిన నీళ్ళు మంచి ఫ్లాస్కులో, పొడి కొలిచి తడిలేని చిన్న డబ్బాలో విడివిడిగా తీసుకెళ్తే సరి. పొడి క్రిములు లేనిదేం కాదు కాబట్టి 70 డిగ్రీలకి తగ్గని నీళ్ళతో కలిపి, సీసాని చన్నీళ్ళ మగ్గులో మూత మునగకుండా నిలబెట్టి, వెచ్చబడ్డాక పట్టాలి. డబ్బు కోసం నీళ్ళెక్కువ పోసి పలచన చెయ్యడం, ఏడాది నిండని బిడ్డకి పొడిపాలకి బదులు గేదెపాలు పట్టడం మాత్రం వద్దు.

ఇక మిగిలింది ‘మా పిల్లలందరూ’ అన్న మాట. పెరిగినవాళ్ళే గ్రూపులో ఉంటారు, ఆ మెసేజ్‌కి దండం బొమ్మ పెట్టేదీ వాళ్ళే. పైగా ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఉగ్గు అప్పటికప్పుడు కలిపేవాళ్ళు, దాచడానికి ఫ్రిజ్ లేదు. విరేచనాలైతే పళ్ళొస్తున్నాయనీ, దిష్టి తగిలిందనీ సర్దుకునేవాళ్ళు. ఆరో నెలకి అటూ ఇటూగా పళ్ళు మొలుస్తాయి, ఉగ్గు మొదలయ్యేదీ అప్పుడే. పళ్ళ మీద పడిన నింద చాలాసార్లు గిన్నెకి చెందాల్సింది.

పొరపాటున అలాంటి పాలు పట్టేశారనుకోండి, వెంటనే టెన్షన్ పడక్కర్లేదు, చాలామంది పిల్లలకి ఏమీ కాదు. ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. వాంతులు ఆగకపోయినా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మాడు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలో తల్లిపాలు ఆపకూడదు. చివరిగా ఏ పాలు, ఎన్ని గంటలకి పట్టారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.