బాకీ అడిగే లెటర్‌లో తప్పుంటే సేటుకి ఇంకో నెల దొరికినట్టే

పైసలు ఇయ్యని వాళ్ల మీద మనకు కోపం ఎక్కువ. నాకు మాత్రం పైసలు అడిగే పద్ధతి మీద కోపం. నల్గొండలో డీటీపీ పని చేసుకుంటూ రోజూ చూస్తుంటాను. మిర్యాలగూడ మిల్లులకు మోటార్లు బాగుచేసేవాళ్లు, నకిరేకల్, దేవరకొండ నుంచి వచ్చే ఫ్యాబ్రికేషన్ షాపుల వాళ్లు, ఫంక్షన్‌హాళ్లకు టెంటు సామాను ఇచ్చేవాళ్లు, అందరూ పని పక్కాగా చేస్తారు. బిల్లు మాత్రం పాత ఫైల్ తెరిచి పేరు మార్చి ప్రింట్ కొడతారు. బాకీ గుర్తుచేసే లెటరైతే మరీ ఘోరం. సగం బతిమిలాట, సగం బెదిరింపు, మధ్యలో తప్పు లెక్క.

బాకీ ఉన్నవాడికి ఎగ్గొట్టే కారణం అక్కర్లేదు. మీ కాగితం వెనక్కి పంపే కారణం ఒక్కటి దొరికితే చాలు. 'బిల్లు కరెక్ట్ చేసి పంపండి, అప్పుడు చూద్దాం' అని అకౌంటెంట్ ఒక్క మాట అంటే మీరు మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వస్తారు. ఆ సాకు మన చేత్తో మనమే టైప్ చేసి ఇస్తున్నాం.

మొన్నటి వానాకాలంలో వచ్చిన ఒక కేసు చెప్తాను. ఒక రైస్‌మిల్లుకు మూడు పెద్ద మోటార్లు రీవైండింగ్ చేసి, బేరింగులు మార్చి ఇచ్చిన తమ్ముడు. బిల్లు 12 జూన్ 2025. పని విలువ 1,42,000. సీజీఎస్టీ 9 శాతం 12,780, ఎస్‌జీఎస్టీ 9 శాతం 12,780. మొత్తం 1,67,560. అడ్వాన్సు 50,000 ముందే ముట్టింది. 30 రోజుల గడువు అనుకున్నారు. జూలై 28న 'అన్నా, గీ లెటర్ జర చూడు, స్పెల్లింగులు చూస్తే చాలు' అని తెచ్చిండు. స్పెల్లింగులన్నీ బాగానే ఉన్నాయి. మిగతావే బాగా లేవు.

బిల్లు మీద అంకెల్లో 1,67,560 అని ఉంది. కింద అక్షరాల్లో 'ఒక లక్షా ఇరవై ఏడు వేల ఐదు వందల అరవై రూపాయలు' అని ఉంది. అరవై ఉండాల్సిన చోట ఇరవై. తెలుగులో ఈ రెండింటికీ తేడా మొదటి అక్షరం ఒక్కటే. కంటితో చదివితే పట్టుబడదు, ఎందుకంటే పైన అంకె చూసి కింద అక్షరాలు చూసేసరికి మనసు దాన్ని సరిచేసుకొని చదువుతుంది. ఆ ఒక్క అక్షరం విలువ ఇక్కడ 40,000 రూపాయలు.

ఇక్కడ చాలామంది 'అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది' అని తీర్పు చెప్పేస్తారు. ఆ రూలు ఉన్నది నిజమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ అదే చెప్తుంది. కానీ అది చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు, హుండీల్లాంటి వాటికి. మీ ఇన్‌వాయిస్ చెక్కు కాదు. ఇన్‌వాయిస్‌లో రెండూ కలవకపోతే ఏది చెల్లుతుందన్న వాదన దాకా పోనే పోదు, బిల్లు పక్కన పడేస్తారు, అంతే. అసలు చెక్కు విషయంలోనైనా రెండూ కలవకపోతే బ్యాంకు సెక్షన్ చదువుకుంటూ కూర్చోదు, వాపసు పంపుతుంది.

దీన్ని పట్టుకోవడానికి నేను చేసే పని ఇది. బిల్లు ఒకరి చేతిలో పెట్టి అక్షరాల్లో ఉన్నది మాత్రమే పైకి చదవమంటాను. బిల్లు చూడకుండా ఇంకొకరు విన్నది విన్నట్టు కాగితం మీద అంకెల్లో వేస్తారు. తర్వాత ఆ అంకె, బిల్లు మీది అంకె పక్కపక్కన పెడతాం. ఆ రోజు మా షాపులో పిల్లగాడు 1,27,560 అని వేసిండు. తమ్ముడి ముఖం చూడాలి! మనిషి దొరకకపోతే ఒక్కరే అయినా అక్షరాలు చదివి, అంకె కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, వేరే కాగితం మీద రాసుకోవచ్చు. తర్వాత కింది నుంచి పైకి లెక్క చూడాలి. 18 శాతం పన్ను బిల్లు అయితే మొత్తాన్ని 1.18తో భాగిస్తే పని విలువ రావాలి. 1,67,560ని భాగిస్తే సరిగ్గా 1,42,000 వచ్చింది. అంటే అంకెలు మంచివే, తప్పు అక్షరాల్లోనే.

అట్లాంటప్పుడు కంగారుపడి కొత్త నంబరుతో ఇంకో బిల్లు కొట్టొద్దు. ఒకే పనికి రెండు బిల్లులు అవుతాయి. అదే నంబరు, అదే తేదీతో సరిచేసిన కాపీ పంపి, ఏం సరిచేశారో కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. పని విలువో, పన్నో ఎక్కువ తక్కువలు పడితే మాత్రం క్రెడిట్ నోటో డెబిట్ నోటో ఇచ్చి దారిలో పెట్టాలి, ఆ పని మీ జీఎస్టీ చూసేవాళ్లకు వదిలేయండి.

ఇక లెటర్‌లో లెక్క. పైన 'విషయం' దగ్గర రూ. 1,67,560 బాకీ అని, లోపల రూ. 1,17,560 అని ఉంది. అడ్వాన్సు తీసేయడం ఒకచోట గుర్తుంది, ఇంకోచోట లేదు. ఇట్లాంటి లెటర్ అందుకున్న సేటు 'వీడు నా యాభై వేలు మింగేసిండు' అని నలుగురిలో అనగలడు. అందుకే బిల్లు మొత్తం, ముట్టింది, రావలసింది, మూడూ ఒకేచోట వరుసగా రాయాలి. అక్షరాల్లో రాయాల్సింది రావలసిన మొత్తాన్నే.

తేదీల సంగతి ఇంకా తమాషా. 'మీ చెల్లింపు 46 రోజులు ఆలస్యమైంది' అని రాసిండు. జూన్ 12 నుంచి జూలై 28కి 46 రోజులు, కూడిక తప్పు లేదు. కానీ ఆలస్యం లెక్కపెట్టాల్సింది బిల్లు తేదీ నుంచి కాదు, గడువు ముగిసిన రోజు నుంచి. జూన్ 12కి 30 రోజులు కలిపితే జూలై 12. అక్కడి నుంచి జూలై 28కి 16 రోజులే. మీరు 46 అని రాయగానే అవతలివాడికి మాట్లాడే హక్కు వచ్చేసింది. '30 రోజులు ఒప్పుకొని ఇప్పుడు మాట మారుస్తవా' అంటాడు. 16 రోజులు చిన్నగా కనబడితే కనబడనీ, కాదనడానికి దారి ఉండదు.

లెటర్‌కు జతచేసిన ఎక్సెల్ స్టేట్‌మెంట్‌లో అడ్వాన్సు తేదీ 06-May-2025 అని పడింది. అసలు ముట్టింది జూన్ 5న. కంప్యూటర్‌లో తేదీ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/06/2025 అని కొట్టగానే అది మే 6 అనుకుంటుంది. రోజు 12 లోపు ఉన్న తేదీలన్నీ ఇట్లా చప్పుడు లేకుండా తారుమారు అవుతాయి. 13/06/2025 కొడితే పదమూడో నెల ఉండదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు, ఊరికే అక్షరాల్లా గడిలో ఎడమవైపు ఉండిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు జరిగి కనబడితే అనుమానించాల్సింది దీన్నే. లెటర్‌లోనైతే నెల పేరు అక్షరాల్లో రాసేస్తే గొడవే లేదు.

చెల్లించాల్సిన తేదీ 'శనివారం 9 ఆగస్టు' అని పెట్టిండు. అది రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. నెఫ్ట్ ఏ రోజైనా పోతుంది, కానీ చెక్కు మీద బతికే సేటుకి 'బ్యాంకు బందు' అనే మాట మనమెందుకు అందించాలి? క్యాలెండర్ చూసి ఆగస్టు 11 సోమవారానికి మార్చాం. బ్యాంకు వివరాల్లో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పదకొండింటిలో ఐదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లిషు 'ఓ' కొట్టి ఉంది. అదీ మార్చాం.

భాష దగ్గర మా ఇద్దరికీ కొంచెం గొడవైంది. తమ్ముడి లెటర్ 'తమరి దయవల్ల మేము బతుకుతున్నాము, మా పరిస్థితి అర్థం చేసుకోగలరు' అని మొదలై 'లేనిచో చట్టరీత్యా కఠిన చర్యలు తీసుకోబడును' అని ముగిసింది. మొదటిది చదివినవాడు రెండోదాన్ని నమ్మడు. చేసిన పనికి పైసలు అడగడంలో దయ ఎక్కడిది? వకీలును కలవకముందే కఠిన చర్యలు ఎక్కడివి? నా లెక్కలో మర్యాద అంటే 'గారు' అనడం, 'కోరుతున్నాము' అనడం, అవతలివాడికి అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వడం. గట్టితనం అంటే తేదీ, మొత్తం. ఇంతకు మించి గొంతు పెంచాల్సిన పని లేదు. చివరికి ఇట్లా తేలింది:

'మీ మిల్లులోని మూడు మోటార్ల రీవైండింగ్ పనికి 12 జూన్ 2025న ఇచ్చిన మా ఇన్‌వాయిస్ నం. 017 మొత్తం రూ. 1,67,560. మీరు 5 జూన్ 2025న చెల్లించిన అడ్వాన్సు రూ. 50,000 పోగా రూ. 1,17,560 (అక్షరాల ఒక లక్షా పదిహేడు వేల ఐదు వందల అరవై రూపాయలు మాత్రమే) మాకు రావలసి ఉంది. మనం అనుకున్న 30 రోజుల గడువు 12 జూలై 2025తో ముగిసింది. ఈ మొత్తం 11 ఆగస్టు 2025, సోమవారం నాటికి కింది ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాము. బిల్లుపై అభ్యంతరం ఏదైనా ఉంటే 4 ఆగస్టు 2025 నాటికి రాతపూర్వకంగా తెలపగలరు. ఇప్పటికే పంపి ఉంటే తేదీ, యూటీఆర్ నంబరు తెలియజేయగలరు.'

చివరి వాక్యం చూడండి. అందరూ 'ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ లెటర్‌ను పట్టించుకోవద్దు' అని రాస్తారు. నాకు ఆ వాక్యం నచ్చదు. పట్టించుకోవద్దని మనమే చెప్తే, చెల్లించనివాడు కూడా పట్టించుకోడు. నిజంగా పంపినవాడు ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరు చెప్తాడు, మనకూ ఖాతాలో వెతుక్కోవడం తేలికవుతుంది.

వడ్డీ సంగతి తమ్ముడు అడిగిండు. బిల్లు కింద '24 శాతం వడ్డీ వసూలు చేయబడును' అని ముద్ర ఉంటుంది కదా అన్నడు. అవతలివాడు ఒప్పుకోని వడ్డీని మొదటి లెటర్‌లో దించితే అసలు పక్కకు పోయి వడ్డీ మీద లొల్లి అవుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం అండ ఉంది. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటరాదు, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. తమ్ముడిది సర్వీసు పని, ఉద్యమ్ నంబరూ ఉంది కాబట్టి ఆ నంబరు లెటర్‌హెడ్ మీద వేయించాను. చట్టం మాట రెండో లెటర్‌కు దాచుకోమన్నాను.

ఇంకొకటి, వాట్సాప్‌లో తిరిగే నమూనాల్లో '180 రోజులు దాటితే మీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోతుంది' అనే వాక్యం ఉంటుంది. రూలు ఉన్నది నిజమే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే కొన్నవాళ్లు ఆ బిల్లు మీది జీఎస్టీని తాము కట్టే పన్నులో తగ్గించుకున్నది, అంటే ఆ క్రెడిట్, వెనక్కి కట్టాలి. కానీ అమ్మకంలో ఎక్కువ భాగం జీఎస్టీ లేని బియ్యమే అయిన మిల్లరు అసలు ఆ క్రెడిట్ పెద్దగా తీసుకొనే ఉండడు. నవ్వుకుంటాడు. ఎవరికి రాస్తున్నామో చూడకుండా వాక్యాలు ఎత్తుకొస్తే ఇదే తంటా.

లెటర్‌ను ఫోటో తీసి పంపకండి, పీడీఎఫ్ చేసి సరిచేసిన బిల్లుతో కలిపి ఈమెయిల్‌కు, వాట్సాప్‌కు పంపండి. ఒక కాపీ చేతికిచ్చి మీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. గడువు దాటాక రెండో లెటర్ రాస్తే మొదటిదాన్నే మళ్లీ ప్రింట్ కొట్టొద్దు. '28 జూలై 2025 నాటి మా లెటర్‌కు మీ నుంచి చెల్లింపు గానీ, అభ్యంతరం గానీ అందలేదు' అని మొదలుపెట్టి, ఆలస్యం రోజులు ఆ రోజుకు కొత్తగా లెక్కేసి రాయండి.