సూత్రాల పట్టిక చేతికిచ్చాక పరీక్షించేది దేన్ని?

పరీక్షలో సూత్రాల పట్టికను అనుమతిస్తారనగానే విద్యార్థులు ఊపిరి పీల్చుకుంటారు, కొందరు అధ్యాపకులు ప్రమాణాలు పడిపోయాయని నొచ్చుకుంటారు. నా దృష్టిలో ఇద్దరిదీ తొందరపాటే. పట్టికలో సూత్రం ఉంటుంది గానీ, అది ఎప్పుడు చెల్లుతుందన్న షరతు చాలాసార్లు ఉండదు.

ఒక లెక్క చూద్దాం. నున్నని బల్ల మీదున్న 0.5 కిలోల దిమ్మెను, బల స్థిరాంకం మీటరుకు 200 న్యూటన్లు గల స్ప్రింగుకు ఆనించి, 0.1 మీటరు లోపలికి నొక్కి వదిలారు. స్ప్రింగును విడిచేటప్పుడు దిమ్మె వేగమెంత? పట్టికను చూస్తూ లెక్కచేసే విద్యార్థి మొదట F = kx తీసుకుని బలం 20 న్యూటన్లంటాడు, F = ma తో త్వరణం 40 అని తేలుస్తాడు, ఆపైన v² = u² + 2as లో వేసి v² = 8, అంటే వేగం సెకనుకు సుమారు 2.83 మీటర్లని రాస్తాడు. మూడు సూత్రాలూ పట్టికలోవే, గుణకారంలోనూ తప్పు లేదు. అయినా జవాబు తప్పు.

చివరి సూత్రం త్వరణం మారనప్పుడే పనిచేస్తుంది. ఇక్కడ స్ప్రింగు సాగేకొద్దీ బలం 20 న్యూటన్ల నుంచి సున్నాకు దిగిపోతుంది. వాడాల్సింది శక్తి సూత్రం: ½kx² ప్రకారం నిల్వ ఉన్న శక్తి 1 జౌలు, అది ½mv² కు సమానం కనుక వేగం సెకనుకు 2 మీటర్లు. తప్పు జవాబు సరైనదానికి సరిగ్గా √2 రెట్లు ఉండటంతో, మధ్య మెట్లు చూడకుండానే దిద్దేవారు పొరపాటును పట్టేయగలరు. సూత్రాన్ని ఎత్తి రాసే ముందు ‘ఈ బలం చివరిదాకా ఇంతే ఉంటుందా?’ అని ఒక్కసారి అనుకుంటే విద్యార్థికీ అది దొరికేది.

చిక్కల్లా మూల్యాంకనంలో ఉంది. పట్టిక ఇచ్చిన తర్వాత కూడా ‘సూత్రం రాసినందుకు ఒక మార్కు’ అనే పాత పద్ధతిని కొనసాగిస్తే, అది చూచిరాతకు ఇచ్చే మార్కే. ఆ మార్కును సూత్రం ఎందుకు వర్తిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పినందుకు ఇవ్వాలి. ఇక పట్టికను పరీక్ష రోజే మొదటిసారి చూపడం అన్యాయం. అందులో ఏది ఎక్కడుందో చేతికి అలవాటు కావాలంటే పాఠాలు మొదలైనప్పుడే ఇవ్వాలి.

అనుమతించిన నిఘంటువుదీ ఇదే తంతు. ‘ఇల్లు కాలింది’ అన్న వాక్యాన్ని అనువదించేవారు ‘కాలింది’ కోసం వెతికితే అది ఆ రూపంలో కనబడదు; ‘కాలు’ అనే ధాతువు తెలిసుండాలి, అక్కడ ఎదురయ్యే పాదం అర్థాన్ని వదిలి ముందుకు పోవాలి. ఒక్కో మాటకు 45 సెకన్ల చొప్పున 20 మాటలు వెతికితే, గంట పరీక్షలో పావుగంట పేజీలు తిప్పడానికే పోతుంది.