లెక్కలు రావు సరే, ఏ లెక్కలు?

మొన్న ఆదివారం అమ్మని చూడ్డానికి సరిహద్దు దాటి ఒడిశాలో పర్లాకిమిడి వెళ్లాను. పక్కింటి అత్త వచ్చి కూర్చుంది, వెనకాల పదహారేళ్ల కూతురు. "దీనికి లెక్కలు రావే. మాటలు మాత్రం కోటలు దాటతాయి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీ చూసి హిందీ, అన్నీ వచ్చు. మాస్టారు ఆర్ట్స్‌లో పడేయమన్నారు. లేదంటే నీలాగ నర్సింగ్‌లో పడేద్దునా? అందులో లెక్కలుండవు కదా" అంది.

పడేయడం ఏమిటో నాకు అర్థం కాదు. పిల్లేమైనా పాత కుర్చీయా? ఆ మాట ఆవిడతో అనలేదు, పెద్దావిడ. ఇక్కడ అంటున్నాను.

నాకూ లెక్కలు రావు. పదో తరగతిలో లెక్కల పేపరు ఒడ్డున పడ్డానంటే అది దేవుడి దయ. అయినా 17 ఏళ్లుగా శ్రీకాకుళంలో వార్డు చూస్తున్నాను, రోజూ లెక్కలు కడుతున్నాను. నర్సింగ్‌లో లెక్కలుండవన్నది శుద్ధ అబద్ధం. అది నమ్మి వచ్చే పిల్లలు మొదటి ఏడాదిలోనే బెదిరిపోతారు. ఉండే లెక్క ఏదో ముందే చూపిస్తే ఆ భయం ఉండదు. అందుకే అత్త ముందే కాగితం తీసి పిల్లకి చూపించాను.

500 మిల్లీలీటర్ల సెలైన్ సీసా నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు రాశారనుకోండి. డ్రిప్ సెట్ కవరు మీద ఒక మిల్లీలీటరుకి ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది. మామూలు సెట్టు మీద 20 అని ఉందనుకుందాం. 500ని 20తో గుణిస్తే సీసాలో పదివేల చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. పదివేలని 240తో భాగిస్తే సుమారు 42. వాచీ చూస్తూ నిమిషానికి 42 చుక్కలు పడేలా గొట్టం మీది చక్రం తిప్పాలి. లెక్క అంతే. గుణకారం, భాగహారం. సైన్ థీటా లేదు, ఎక్స్ లేదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చాలాసార్లు భాగహారంలో కాదు, కవరు చదవకపోవడంలో. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఓ రాత్రి నేను 42 చుక్కలు పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. రెండు గంటల తర్వాత సీనియర్ సిస్టర్ సీసా చూసి నన్ను పిలిచింది. సగం అయిపోవాల్సింది, ఆరో వంతే దిగింది. నేను పెట్టింది చిన్నపిల్లలకి వాడే సన్న చుక్కల సెట్టు, దానికి మిల్లీలీటరుకి 60 చుక్కలు. ఆ లెక్కన నిమిషానికి 125 పడాలి. నేను పెట్టిన వేగంతో ఆ సీసా అవ్వాలంటే దాదాపు 12 గంటలు పడుతుంది. ఆ రోగికి ఏమీ కాలేదు, నా అదృష్టం. అప్పటినుంచి చుక్కలు సరిచేశాక ఓ గంటకి మళ్లీ సీసా మీద గీత చూస్తాను. నాలుగో వంతు దిగిందా లేదా? లెక్క తప్పినా సీసా చెబుతుంది.

ఇక భాష సంగతి. దీన్ని మనవాళ్లు ఓదార్పు బహుమతిలా చూస్తారు: లెక్కలు రాలేదు, పోనీ మాటలైనా వచ్చాయి అని. మా వార్డుకి గజపతి జిల్లా కొండల మీంచి, గుణుపురం వైపునుంచి మనుషులు వస్తారు. చాలామందికి తెలుగు రాదు. ఓసారి ఒకామె తల పట్టుకుని "ముండొ బులాఉచి" అంటోంది. ఒడియాలో ముండొ అంటే తల, కళ్లు తిరుగుతున్నాయని ఆమె చెబుతోంది. మన ఊళ్లో ఆ మాట తిట్టు కదా, వార్డులో పనిచేసే ఆయమ్మకి కోపం వచ్చి గదిలోంచి వెళ్లిపోయింది! నేను వెళ్లి బీపీ చూస్తే బాగా పడిపోయి ఉంది. అలాగే "ఝాడా" అంటే విరేచనాలు. అది తెలియనివాళ్లు ఇంకేదో అనుకుంటారు.

భాష రావడం వేరు, అడగడం వేరు. పదికిలోల పిల్లాడు, మూడు రోజులుగా జ్వరం. ఇంట్లో పారాసిటమాల్ సిరప్ పోస్తున్నారు. డాక్టరు అడిగితే తల్లి "ఆరు ఎంఎల్" అంది. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 150 కావాలి. అయిదు మిల్లీలీటర్లలో 125 ఉండే సిరప్ అయితే ఆరు సరిగ్గా సరిపోతుంది. ఎవరైనా టిక్కు పెట్టేసి వెళ్లిపోతారు. నేను ఒడియాలో "సీసా ఏదమ్మా, ఎలా పోస్తున్నావో చూపించు" అన్నాను. సంచీలోంచి తీసింది. దాని మీద అయిదు మిల్లీలీటర్లకి 250 అని ఉంది. పాత సీసా అయిపోతే షాపువాడు ఇది ఇచ్చాడు, ఆమె పాత కొలతే పోసింది. అంటే ప్రతిసారీ రెట్టింపు మందు. రోజుకి నాలుగైదు సార్లు, రోజుల తరబడి అలా పోస్తే కాలేయం దెబ్బతింటుంది. డాక్టరు వెంటనే రక్తపరీక్షలు రాశారు. పిల్లాడు బాగానే ఇంటికెళ్లాడు.

అందులో లెక్క ఎంత, భాష ఎంత, మీరే చూడండి. ఆ లెక్క అయిదో తరగతిది. ఆ తల్లిని తిట్టకుండా, భయపెట్టకుండా సంచీ విప్పించడమే కష్టం. ఊరికే గలగలా మాట్లాడే పిల్లలకి ఇది రాదు, అవతలివాళ్లు చెప్పేదాకా ఆగగలిగిన వాళ్లకి వస్తుంది.

చేరడం గురించి అత్త అడిగింది కాబట్టి అదీ రాస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్‌కి ప్లస్‌టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు కావాలి, 45 శాతం. గణితం అక్కర్లేదు. జీఎన్ఎం అనే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమాకి ఇంగ్లీషు ఉండి 40 శాతం వస్తే ఆర్ట్స్ వాళ్లూ అర్హులే, కానీ సైన్సు వాళ్లకి మొగ్గు ఉంటుంది. అందుకే ఆర్ట్స్ మీద మనసు లేకపోతే బయాలజీ వదలొద్దన్నాను. సరిహద్దు వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఒడిశాలో చదివి ఆంధ్రాలో చేయాలంటే ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో కూడా నమోదు చేయించుకోవాలి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు చూపాలి. తెలుగు మీడియం పిల్లలు ఈ రెండోది చివర్లో తెలుసుకుని ఏడుస్తారు.

ఇంత చెప్పాక పిల్లకి అదే సెలైన్ లెక్క ఇచ్చాను, నా కాగితం మడిచేసి. ఐదు నిమిషాలు గీకింది. 500ని 240తో భాగించి రెండు అని రాసింది, 20తో గుణించడం మర్చిపోయింది. అత్త నిట్టూర్చింది. పిల్ల మాత్రం కాగితం వంకే చూస్తోంది.

"నిమిషానికి రెండు చుక్కలా? ఇలాగైతే రేపటికీ అవదు కదక్కా" అని కొట్టేసి మళ్లీ మొదలెట్టింది.

నేను చూడాలనుకున్నది అదే. జవాబు 42 రాదేమో, కానీ రెండు కాదని తెలిసింది. 420 చుక్కలు వచ్చినా కలం ఆపని వాళ్లని చూశాను, వాళ్లలో లెక్కల్లో ఫస్టు మార్కుల వాళ్లూ ఉన్నారు.

"జీతం ఎంతిస్తారే?" అంది అత్త. ఆ లెక్క చెప్పేసరికి బస్సు తప్పిపోయింది.