నాలుగో స్టేజ్

మొన్న రజ పండుగ నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి పర్లాకిమిడిలోని మా ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఒక్కసారే మొరాయించాయి. ఓపీ చీటీ లేదు, బిల్లు లేదు. క్యూలో ముందున్న ముసలమ్మ "బాబూ, నీ డబ్బాకీ జొరమొచ్చిందేటి?" అంది.

నాకేం టెన్షన్ లేదు. భువనేశ్వర్ కంపెనీతో ఒప్పందం కుదిర్చింది నేనే. అప్‌టైమ్ 99.5 శాతం. అంటే 30 రోజుల నెలలో సర్వర్ 3 గంటల 36 నిమిషాలకు మించి పడుకోకూడదు. పడుకుంటే నెల ఫీజు 40 వేలలో 2 వేలు కోత. ఆ పేరా మీద వేలు పెట్టి మరీ డాక్టరు గారికి చదివి వినిపించాను.

ఫోన్ చేశాను. "ఆగ్యా, ఫోన్ లెక్కలోకి రాదు, పోర్టల్లో టికెట్ పెట్టండి" అన్నాడు కుర్రాడు. పెట్టడానికి కూర్చున్నాను.

తీవ్రత ఎంత అని అడిగింది పోర్టల్. P1, P2, P3, P4. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. పదకొండేళ్లుగా ఆసుపత్రిలో పనిచేస్తున్నవాణ్ణి. క్యాన్సర్ మొదటి స్టేజ్ అంటే ధైర్యం చెప్పి పంపుతాం, నాలుగో స్టేజ్ అంటే ఇంట్లోవాళ్లని విడిగా పిలుస్తాం. కాలిన గాయాలదీ అదే వరస, కిడ్నీ జబ్బుదీ అదే వరస. జ్వరం కూడా 99 కంటే 104 ఎక్కువే కదా! అంకె పెరిగితే రోగం ముదిరినట్టు. ఇంత పెద్ద ఉపద్రవానికి P1 పెడితే మరీ తేలిగ్గా తీసుకుంటారేమోనని, బాగా ఆలోచించి, P4 నొక్కాను.

రెండు సెకన్లలో మెయిల్: మీ టికెట్ అందింది. రెస్పాన్స్ టైమ్ అక్కడితో సరి. స్పందించడం వేరు, బాగుచేయడం వేరని అప్పుడు తెలిసింది. P1కి పగలూ రాత్రీ చూస్తారు, నాలుగు గంటల్లో తేల్చాలి. P4కి ఐదు పనిదినాలు. పండుగ పనిదినం కాదు. P4ని P1గా మార్చే అధికారం వాళ్ల మేనేజరుకే ఉంది. ఆయన సొంతూళ్లో రజ ఉయ్యాల ఊగుతున్నాడు.

కాళ్లావేళ్లా పడితే మధ్యాహ్నం రెండుకి ఆ కుర్రాడే దూరం నుంచి సర్వర్లోకి వెళ్లాడు. డేటాబేస్ లాగ్ ఫైళ్లు పేరుకుని డిస్క్ నిండిపోయిందట. వాటిని ఎప్పటికప్పుడు తుడవాల్సింది వాళ్లే! ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొత్తం ఐదున్నర గంటలు. నా లెక్కలో అప్‌టైమ్ 99.24 శాతం. నిన్న వాళ్ల నెల రిపోర్టు వచ్చింది: 100 శాతం. డౌన్‌టైమ్ లెక్కలోకి P1 టికెట్లే వస్తాయట. ఆ సంగతి నేను వేలు పెట్టిన పేరాకి సరిగ్గా కిందనే ఉంది.

కింద ఆసుపత్రి తరఫున సంతకం కావాలన్నారు. డాక్టరు గారు పెన్ను నా చేతికిచ్చారు.