నష్టాన్ని రేటుతో గుణిస్తే డిఫర్డ్ ట్యాక్స్ అసెట్ అయిపోదు

“కంపెనీకి నష్టం వచ్చిందని టెన్షన్ అక్కర్లేదు. క్యారీ ఫార్వర్డ్ నష్టం మొత్తాన్ని పన్ను రేటుతో గుణించి డిఫర్డ్ ట్యాక్స్ అసెట్ పెట్టేయండి. ఎనిమిదేళ్ళ టైముంది, డిప్రిసియేషన్‌కైతే అసలు గడువే లేదు. బ్యాంకుకిచ్చిన ప్రొజెక్షన్లు ఫైల్లో ఉంటే ఆడిటర్ కాదనలేడు. యాభై శాతం పైన ఛాన్స్ ఉంటే చాలు. రేపు లాభం రాకపోతే అప్పుడు తీసేయొచ్చు, పోయేదేమీ లేదు.”

మార్చి దాటిందంటే అకౌంట్స్ వాళ్ళ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. పాత నష్టం వల్ల ముందు ముందు తగ్గబోయే పన్నును ఈరోజే ఆస్తిగా చూపడమే డిఫర్డ్ ట్యాక్స్ అసెట్. మెసేజ్‌లో సగం నిజాలున్నాయి కాబట్టే ఎక్కువమంది నమ్ముతున్నారు. ఒక ఉదాహరణ పట్టుకుని ఒక్కో మాటా చూద్దాం.

మందుల సీసాలు, మూతలు తయారుచేసే ప్యాకేజింగ్ కంపెనీ ఒకటి ఉందనుకోండి. లిస్టయిన కంపెనీకి ఇది సబ్సిడియరీ, అందుకని ఆదాయపు పన్ను లెక్కలకు సంబంధించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 12 వర్తిస్తుంది. 22 శాతం పన్ను స్కీములో ఉంది. సర్‌చార్జీ, సెస్సు కలిపితే రేటు 25.168 శాతం. 2026 మార్చి 31 నాటికి మిగిలిన వ్యాపార నష్టాలు ఇవి: 2018-19వి 4 కోట్లు, 2020-21వి 10 కోట్లు, 2024-25వి 6 కోట్లు. వీటికి తోడు ఆదాయం చాలక మిగిలిపోయిన డిప్రిసియేషన్, అంటే అన్‌అబ్జార్బ్డ్ డిప్రిసియేషన్ 5 కోట్లు. మొత్తం 25 కోట్లు. మెసేజ్ లెక్క ప్రకారమైతే 6.29 కోట్ల అసెట్ వస్తుంది.

గుణించే ముందు ఆ 25 కోట్లు పన్ను చట్టం దృష్టిలో నిజంగా ఉన్నాయా అని చూడాలి. బ్యాలెన్స్ షీటులో కనిపించే నష్టం వేరు, పన్ను లెక్కలో క్యారీ ఫార్వర్డ్ అయ్యే నష్టం వేరు. నష్టం వచ్చిన ఏడాది రిటర్న్ గడువులోగా వేయకపోతే ఆ వ్యాపార నష్టాన్ని ముందుకు తీసుకెళ్ళే హక్కే ఉండదు. డిప్రిసియేషన్‌కు మాత్రం ఈ ఇబ్బంది లేదు. క్లోజ్లీ హెల్డ్ కంపెనీల్లో వాటాలు చేతులు మారి, నష్టం వచ్చినప్పటి వాటాదారుల దగ్గర 51 శాతం ఓటింగ్ హక్కు మిగలకపోతే పాత వ్యాపార నష్టం పోతుంది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ వాటిని ముందే ఊహించుకోకూడదు. కాబట్టి ముందుగా తెరవాల్సింది ఎక్సెల్ షీటు కాదు, రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్లు, అసెస్‌మెంట్ ఆర్డర్లు. మన కంపెనీ రిటర్నులన్నీ టైముకే వేసింది, వాటాలు మారలేదు. 25 కోట్లూ బతికే ఉన్నాయనుకుందాం.

ఇక గడువు. ఎనిమిదేళ్ళనేది నష్టం పుట్టిన ఏడాది తర్వాతి నుంచి లెక్క, ఈరోజు నుంచి కాదు. 2018-19 నష్టాన్ని వాడుకోవడానికి 2026-27 ఆదాయమే ఆఖరి అవకాశం. 2020-21ది 2028-29తో, 2024-25ది 2032-33తో మురిగిపోతాయి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా ఎనిమిదేళ్ళ పరిమితి అలాగే ఉంది. అందుకే మొత్తం 25 కోట్లని ఒకే ముద్దగా చూడకుండా ఏడాదివారీగా విడగొట్టి, దేనికెంత ఆదాయం అందుతుందో చూడాలి.

డిప్రిసియేషన్‌కు గడువు లేదన్నది నిజమే. అయితే గడువు లేకపోవడం ఆదాయం ఉండటం కాదు. పైగా ఆదాయంలోంచి తీసేసే సెట్ ఆఫ్ వరసలో ముందు ఆ ఏడాది డిప్రిసియేషన్, తర్వాత పాత వ్యాపార నష్టం, ఆఖర్న పాత డిప్రిసియేషన్ వస్తాయి. ముందున్న నష్టాలు ఆదాయాన్ని తినేశాక మిగిలితేనే దీని వంతు. ‘గడువు లేదు కాబట్టి కనీసం ఈ 5 కోట్ల మీదైనా పెడదాం’ అని చాలామంది అడుగుతుంటారు. మన ఉదాహరణలో అందరికంటే వెనక నిలబడింది అదే.

బ్యాంకు ప్రొజెక్షన్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇండ్ ఏఎస్ వర్తించని కంపెనీలు పాటించే ఏఎస్ 22 ఈ విషయంలో మొహమాటపడలేదు. క్యారీ ఫార్వర్డ్ నష్టాల మీద అసెట్ పెట్టాలంటే ‘వర్చువల్ సర్టెయింటీ’, అంటే లాభం దాదాపు ఖాయమనే స్థితి ఉండాలి, దానికి నమ్మదగిన ఆధారం చూపాలి. అప్పు కోసం బయటి సంస్థకు ఇచ్చిన ప్రొజెక్షన్‌ను ఆ సంస్థ ఒప్పుకున్నా సరే, అదొక్కటే ఆధారంగా సరిపోదని ఆ స్టాండర్డ్ వివరణలోనే రాసి ఉంది. సరిపోయేదానికి ఉదాహరణ కూడా అక్కడే ఇచ్చారు: రద్దు చేస్తే భారీగా నష్టపరిహారం కట్టాల్సి వచ్చే, లాభమిచ్చే ఎగుమతి ఆర్డరు. అంటే మనం వేసుకున్న అంచనా చాలదు, అవతలివాడు మాట తప్పితే డబ్బు కట్టాల్సిన కాగితం కావాలి.

మన కంపెనీ ఇండ్ ఏఎస్ కింద ఉంది, అక్కడ మాట ‘ప్రాబబుల్’. దాన్ని సగం కంటే ఎక్కువ అవకాశం అని అర్థం చేసుకోవడం వాడుకలో ఉంది, అంతవరకు మెసేజ్ తప్పు కాదు. కానీ అదే ఇండ్ ఏఎస్ 12లో 35వ పేరా చదవకుండా ఆపేస్తేనే చిక్కు. ఈమధ్య వరసగా నష్టాలు వచ్చిన కంపెనీకి ఆ నష్టాలే, ఇకముందు కూడా లాభం రాకపోవచ్చనడానికి బలమైన సాక్ష్యం. అలాంటి కంపెనీ రెండు ఆధారాల మేరకే అసెట్ పెట్టగలదు: పుస్తకాల విలువకూ పన్ను లెక్క విలువకూ మధ్య ఉండి ముందు ముందు రివర్స్ అయ్యే తేడాలు, అంటే ట్యాక్సబుల్ టెంపరరీ డిఫరెన్సులు, లేదా లాభం వస్తుందని నమ్మించే వేరే గట్టి ఆధారం. యాభైయొక్క శాతం అని ఎక్సెల్‌లో టైపు చేస్తే గట్టి ఆధారం అయిపోదు.

మొదటి ఆధారం మన కంపెనీకి ఉంది. ప్లాంటు, మెషినరీ పుస్తకాల్లో 30 కోట్లు, పన్ను లెక్కలో 24 కోట్లు. ఈ 6 కోట్ల తేడా మీద ఇప్పటికే 1.51 కోట్ల డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ ఉంది. ఈ తేడా రివర్స్ అయ్యేకొద్దీ పన్ను డిప్రిసియేషన్ పుస్తకాల డిప్రిసియేషన్ కంటే తగ్గి, ఆ మేరకు పన్ను ఆదాయం దానంతటదే పుడుతుంది. షెడ్యూలు వేస్తే వచ్చే నాలుగేళ్ళలో వరసగా 1, 1.5, 1.5, 2 కోట్లు.

రెండో ఆధారం కోసం మేనేజ్‌మెంట్ ఏటా 5 కోట్ల పన్ను లాభం చూపే ప్రొజెక్షన్ ఇచ్చింది. దాని పక్కన పాత బడ్జెట్లు పెట్టి చూస్తే: 2024-25కు 5 కోట్ల లాభమన్నారు, 6 కోట్ల నష్టం వచ్చింది. 2025-26కూ 5 కోట్లే అన్నారు, పన్ను ఆదాయం దాదాపు సున్నా. లాక్‌డౌన్ వల్ల వచ్చిన 2020-21 నష్టానికి కారణం స్పష్టం, అది మళ్ళీ రాకపోవచ్చు, ఆ వాదన చెల్లుతుంది. 2024-25ది అలాంటిది కాదు. పెద్ద కస్టమర్ ఒకరు వెళ్ళిపోయారు, పెరిగిన ముడిసరుకు గ్రాన్యూల్స్ ధరని అమ్మకం రేటులో రాబట్టుకోలేకపోయారు. వ్యాపారంలోనే ఉన్న లోపమిది.

‘గ్రూపు మొత్తం లాభాల్లోనే ఉంది కదా’ అనే వాదన కూడా వస్తుంది. మన దేశంలో ఒక కంపెనీ నష్టాన్ని గ్రూపులోని ఇంకో కంపెనీ లాభంతో సెట్ ఆఫ్ చేసే పద్ధతి లేదు, కాబట్టి అది ఇక్కడ పనికిరాదు.

నిలబడే కాగితం ఒక్కటే దొరికింది. 2026 ఫిబ్రవరిలో ఒక మందుల కంపెనీతో సంతకమైన మూడేళ్ళ సప్లయ్ ఒప్పందం. కనీస పరిమాణం తీసుకోకపోయినా వాళ్ళు డబ్బు కట్టాలి, గ్రాన్యూల్స్ ధర పెరిగితే రేటూ పెరుగుతుంది. మిగతా ఆర్డర్లు ఖర్చులకు సరిపోతాయనుకుని, వడ్డీ, జీతాలు అన్నీ తీసేస్తే ఈ ఒప్పందం వల్ల కంపెనీకి ఏటా 1.5 కోట్ల పన్ను లాభం. ఇది పైన చెప్పిన రివర్సల్ కలపని అంకె. ఇక్కడే తరచు పొరపాటు జరుగుతుంది. పన్ను కంప్యుటేషన్ నుంచి తెచ్చిన లాభంలో తక్కువ డిప్రిసియేషన్ ప్రభావం ఎలాగూ ఉంటుంది, దానికి మళ్ళీ రివర్సల్ కలిపితే ఒకే ఆదాయాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు.

రెండూ కలిపి, ముందు మురిగేదాన్ని ముందు వాడితే (అంకెలు కోట్లలో):

| ఏడాది | రివర్సల్ | ఒప్పందం | మొత్తం | ఏ నష్టానికి | మురిగేది |
|---|---|---|---|---|---|
| 2026-27 | 1.0 | 1.5 | 2.5 | 2018-19 | 1.5 |
| 2027-28 | 1.5 | 1.5 | 3.0 | 2020-21 | – |
| 2028-29 | 1.5 | 1.5 | 3.0 | 2020-21 | 4.0 |
| 2029-30 | 2.0 | – | 2.0 | 2024-25 | – |

వాడగలిగేది 10.5 కోట్లు. దాన్ని 25.168 శాతంతో గుణిస్తే అసెట్ 2.64 కోట్లు. 1.51 కోట్ల లయబిలిటీ పోను నికరంగా 1.13 కోట్లు. మెసేజ్ దారిలో వెళ్తే నికర అంకె 4.78 కోట్లు అయ్యేది. ఇంకో మాట, ఈ అసెట్‌ను డిస్కౌంట్ చేయకూడదు. ‘2029-30లో వచ్చేది కదా’ అని ప్రెజెంట్ వాల్యూ వేయడాన్ని ఇండ్ ఏఎస్ 12, ఏఎస్ 22 రెండూ ఒప్పుకోవు.

రేపు తీసేయొచ్చు కదా అన్న ధీమా గురించి. ప్రతి బ్యాలెన్స్ షీటు తేదీకీ అసెట్‌ను మళ్ళీ పరీక్షించాల్సిందే, కాబట్టి తగ్గించడం మామూలే. కానీ ఆ తగ్గింపు పన్ను ఖర్చుగా లాభనష్టాల ఖాతాకు వస్తుంది, అదీ సరిగ్గా వ్యాపారం దెబ్బతిన్న ఏడాదే. నష్టం మీద నష్టం కనిపిస్తుంది. అసెట్ పెట్టిన రోజునే ఆధారం లేదని ఫైళ్ళు చెబుతుంటే అది ‘అంచనా మారింది’ కిందకు రాదు. ఇండ్ ఏఎస్ 8 ప్రకారం గత ఏడాది తప్పు, పాత అంకెలు మళ్ళీ రాయాలి. ఈ అసెట్‌ను చూసి మురిసిపోయేవాళ్ళూ తక్కువే. ఆర్‌బీఐ బాసెల్ 3 నిబంధనల్లో బ్యాంకులు పేరుకున్న నష్టాల మీది డిఫర్డ్ ట్యాక్స్ అసెట్‌ను సీఈటీ1 అనే ప్రధాన సొంత మూలధనం నుంచి పూర్తిగా తీసేయాలి. అప్పిచ్చేవాళ్ళు కూడా టాంజిబుల్ నెట్‌వర్త్ లెక్కలో దీన్ని తరచు పక్కనపెడతారు.

పెట్టకుండా వదిలేసిన 14.5 కోట్ల నష్టం గడువు తీరేదాకా ఎక్కడికీ పోదు. పన్ను రిటర్నులో అది ఉంటుంది, వాడుకునే హక్కూ ఉంటుంది. నోట్స్‌లో గడువుతో సహా చూపాలి: 2026-27తో మురిగేది 1.5 కోట్లు, 2028-29తో 4 కోట్లు, 2032-33తో 4 కోట్లు, గడువు లేని డిప్రిసియేషన్ 5 కోట్లు. ఈమధ్యే నష్టం చూసిన కంపెనీ కాబట్టి, పెట్టిన 2.64 కోట్లలో లయబిలిటీని మించిన భాగానికి ఏ ఆధారం ఉందో కూడా అక్కడే రాయాలి. వచ్చే మార్చికి ఇంకో మూడేళ్ళ ఒప్పందం కుదిరితే, ఈ మిగిలిన వాటిలో గడువు దాటనివాటిని మళ్ళీ ఇదే పట్టికలో పెట్టి లెక్క వేసుకోవచ్చు.